కమిటీ, బోర్డు, కౌన్సిల్, ప్యానెల్: బైలాస్‌లో దేనికి ఏ పేరు?

ప్రశ్న: "మాది కూకట్‌పల్లిలో 180 ఫ్లాట్ల అసోసియేషన్. సొసైటీగా రిజిస్టర్ అయింది. బైలాస్ తిరగరాస్తున్నాం. పాత కాపీలో ఒకచోట మేనేజింగ్ కమిటీ, ఒకచోట బోర్డు, ఇంకోచోట ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ అని ఉంది. కొత్తగా బ్లాకుల ప్రతినిధులకు ఒకటి, గొడవలు తీర్చడానికి ఒకటి పెట్టాలనుకుంటున్నాం. దేనికి ఏ పేరు పెట్టాలి? ఏది పెట్టినా ఒకటేనా?"

ఒకటే కాదండీ. అసోసియేషన్‌ను నడిపే వాళ్లకు కమిటీ అని పెట్టండి. బ్లాకుల తరఫున వచ్చి కూర్చునేవాళ్లకు కౌన్సిల్ అనొచ్చు. గొడవలు తీర్చే పెద్దలకు ప్యానెల్ సరిపోతుంది, కాకపోతే దానికి మన ఊళ్లో ఒక చిక్కు ఉంది, కింద చెప్తాను. బోర్డు అనే మాట మీ బైలాస్‌లోంచి పూర్తిగా తీసేయండి. వీటన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది: ఒక బాడీకి మొదటి పేజీలో ఏ పేరు పెట్టారో చివరి పేజీలోనూ అదే పేరు ఉండాలి.

నేను పద్దెనిమిదేళ్లుగా సొసైటీలకు, ట్రస్టులకు, చిన్న కంపెనీలకు బైలాస్ రాసిపెడుతున్నాను. అంతకుముందు ఒక కంపెనీ సెక్రటరీ గారి దగ్గర పనిచేశాను. నా దగ్గరికి వచ్చే పాత కాపీలు మూడొంతులు మీ కాపీలాగే ఉంటాయి. కారణం పెద్దదేం కాదు. బిల్డర్ ఇచ్చిన నమూనాలో కొంత, పక్క అపార్ట్‌మెంట్ వాళ్ల దాంట్లో కొంత, ఎవరో కంపెనీ నియమావళిలోంచి, అంటే ఆర్టికల్స్‌లోంచి కొంత తెచ్చి అతికిస్తారు. ఒక్కోచోట నుంచి ఒక్కో పేరు వస్తుంది. చదివేవాళ్లకు అన్నీ అర్థమవుతూనే ఉంటాయి కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు.

నడిపే బాడీకి కమిటీయే ఎందుకంటే, మీరు రిజిస్టర్ అయిన చట్టం ఆ మాటే వాడుతుంది. తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001లో వివాదాల గురించి చెప్పే 23వ సెక్షన్ చూడండి. 'కమిటీలో గానీ సభ్యుల మధ్య గానీ' వివాదం వస్తే ఏం చేయాలో అందులో ఉంటుంది. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద ఉన్న హౌసింగ్ సొసైటీ అయినా కమిటీయే. అదే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టర్ అయి ఉంటే అక్కడ బోర్డు, డైరెక్టర్లు. కంపెనీ అయితే 2013 చట్టం ప్రకారం బోర్డు ఆఫ్ డైరెక్టర్స్. అందుకే నేను ముందు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమంటాను, ఏ చట్టం కింద ఉన్నారో చూశాకే పేర్ల సంగతి మొదలుపెడతాను. చట్టం ఒక మాట వాడుతుంటే మనం ఇంకో మాట పెట్టుకోవడం నేరమేమీ కాదు. కానీ బ్యాంకులోనో కోర్టులోనో ప్రతిసారీ 'మా కౌన్సిల్ అంటే చట్టంలో కమిటీ అన్నమాట' అని చెప్పుకుంటూ తిరగాలి.

ఈ నాలుగు మాటల తేడా క్రికెట్‌లో చూస్తే బాగా తెలుస్తుంది. దేశాల తరఫున ప్రతినిధులు వచ్చి కూర్చునేది ఐసీసీ, అందులో చివరి సీ కౌన్సిల్. మన దేశంలో ఆటను నడిపే బాధ్యత మొత్తం నెత్తిన పెట్టుకున్నది బీసీసీఐ, అందులో మొదటి బీ బోర్డు. జట్టును ఎంపిక చేసే పనిని బోర్డు కొందరికి అప్పగిస్తుంది, అది సెలక్షన్ కమిటీ. అంపైర్లున్నది ఎలైట్ ప్యానెల్. ఆ ప్యానెల్‌లోని అంపైర్లందరూ ఒకచోట కూర్చుని ఒక మ్యాచ్‌కు తీర్పు చెప్పరు. అదొక జాబితా. అందులోంచి ఈ మ్యాచ్‌కు వీళ్లు, ఆ మ్యాచ్‌కు వాళ్లు అని పంపిస్తారు.

మాటల పుట్టుక కూడా ఇదే చెప్తుంది. కమిటీ అంటే ఒక పని అప్పగించబడినవాళ్లు. అంటే అప్పగించినవాళ్లు పైన ఎవరో ఉండాలి, మీ దగ్గరైతే సర్వసభ్య సమావేశం. బోర్డు అంటే బల్ల, ఆ బల్ల చుట్టూ కూర్చుని నిర్ణయించేవాళ్లు. కౌన్సిల్ అంటే పిలిస్తే వచ్చి సమావేశమైనవాళ్లు. ప్యానెల్ ఇంగ్లండ్‌లో జ్యూరీకి పిలవాల్సినవాళ్ల పేర్లు రాసిన చీటీ. మన ప్రభుత్వ ఉద్యోగులకు ఈ అర్థం బాగా తెలుసు. డిపార్ట్‌మెంటల్ ప్రమోషన్ కమిటీ కూర్చుంటుంది, ప్యానెల్ తయారుచేస్తుంది. కూర్చునేది కమిటీ, తయారయ్యేది ప్యానెల్. సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉండే ప్యానెల్ ఇయర్ ఈ జాబితాదే.

బోర్డు తీసేయమని ఎందుకన్నానంటే

మణికొండ వైపు 240 ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ ఒకటి. వాళ్ల పాత లిఫ్టులు రెండు మార్చాల్సి వచ్చింది. పెద్ద ఖర్చుల కోసం దాచిన డబ్బు, అంటే కార్పస్ ఫండ్, ఎఫ్‌డీలో ఉంది. గడువుకు ముందే 18 లక్షలు తీయాలి. కమిటీ కూర్చుని తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, స్టాంపు వేసుకుని ప్రెసిడెంటూ ట్రెజరరూ బ్యాంకుకు వెళ్లారు. అక్కడి ఆఫీసరు వాళ్ల బైలాస్ కాపీ తెప్పించి చదివాడు. 17వ నిబంధన మీద వేలు పెట్టి ఆగాడు. అందులో ఇలా ఉంది: 'బోర్డు ఆమోదం లేకుండా కార్పస్ ఫండ్ డిపాజిట్లను గడువుకు ముందు తీయరాదు.'

"బోర్డు తీర్మానం తెచ్చారా సార్?"

"మా కమిటీయే బోర్డు సార్."

"అలాగని ఎక్కడ రాశారో చూపించండి."

ఎక్కడా లేదు. నిర్వచనాల పేజీలో కమిటీ అంటే ఏమిటో ఉంది, బోర్డు అనే మాటే లేదు. 17వ నిబంధన ఏదో కంపెనీ ఆర్టికల్స్‌లోంచి వచ్చి పడింది. ఆ ఆఫీసరు మీద చాలామంది కోప్పడ్డారు గానీ, నన్నడిగితే ఆయన తప్పు లేదు. రేపు ఎవరైనా సభ్యుడు 'మా డబ్బు ఎవరు చెప్తే ఇచ్చావు' అని నోటీసు పంపితే సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే.

అక్కడితో అయిపోలేదు. కమిటీ అంటే గిట్టని ఒక పెద్దమనిషి అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో కొత్త వాదన పెట్టాడు. సొసైటీ పెట్టేటప్పుడు మెమోరాండం మీద సంతకాలు చేసిన మొదటి ఏడుగురే బోర్డు అట, వాళ్లు ఒప్పుకుంటేనే డబ్బు కదలాలట. ఆ ఏడుగురిలో ఇద్దరు ఫ్లాట్లు అమ్ముకుని వెళ్లిపోయారు, ఒకాయన చనిపోయారు. చివరికి 21 రోజుల నోటీసిచ్చి సర్వసభ్య సమావేశం పెట్టి, అక్కడ తీర్మానం చేయించి, బైలాస్ సవరించి, ఆ కాపీ బ్యాంకులో ఇచ్చేసరికి ఏడు వారాలు పట్టింది. అన్నాళ్లూ ఒక లిఫ్టుతోనే తొమ్మిది అంతస్తులు. నన్ను పిలిచింది కూడా అప్పుడే, అన్నీ అయ్యాక.

ఒకే బాడీకి రెండు పేర్లుంటే చదివేవాడు రెండు బాడీలున్నాయనే అనుకుంటాడు. స్కూల్లో తెలుగు మాస్టారు ఒకే మాట మళ్లీ మళ్లీ రాయకు అని నేర్పించి ఉంటారు, వ్యాసానికి అది మంచి సలహా. బైలాస్‌లో మాత్రం ఒకే మాట యాభైసార్లు వచ్చినా పర్లేదు, యాభై ఒకటోసారి మారకూడదు.

కంపెనీలో బోర్డుకు, కమిటీకి మధ్య గీత చాలా గట్టిది. అందుకే అక్కడి నిబంధన తెచ్చి ఇక్కడ అతికించకూడదు. ఉదాహరణకు, కంపెనీల చట్టం 179వ సెక్షన్ ప్రకారం అప్పు తెచ్చే అధికారాన్ని బోర్డు తీర్మానం చేసి డైరెక్టర్ల కమిటీకి ఇవ్వొచ్చు, వార్షిక లెక్కలను ఆమోదించే అధికారాన్ని ఇవ్వడానికి లేదు. అంటే అక్కడ పైన బోర్డు, కింద కమిటీ. మీ సొసైటీలో కమిటీయే నడిపే బాడీ. ఆ రెండు మాటలూ ఒకే కాగితం మీద ఉంటే కంపెనీలు తెలిసినవాళ్లు మీ కమిటీ పైన ఇంకెవరో ఉన్నారనుకుంటారు.

కమిటీయా, కమిటీ సభ్యులా?

మీరు ఇది అడగలేదు గానీ, పేరు ఖాయమయ్యాక దెబ్బతినేది ఇక్కడే. మాట్లాడేటప్పుడు 'కమిటీ వాళ్లు ఒప్పుకున్నారు' అంటాం. రాసేటప్పుడు 'కమిటీ ఆమోదించింది' అనాలి. ఇది వ్యాకరణం కోసం కాదు, లెక్క కోసం.

మీ కమిటీలో 11 మంది, మీటింగు చెల్లడానికి కనీసం ఉండాల్సిన సంఖ్య, అంటే కోరం, 6 అనుకుందాం. ఒక మీటింగుకు సరిగ్గా ఆరుగురే వచ్చారు. నలుగురు సరేనన్నారు, ఇద్దరు వద్దన్నారు. నిబంధనలో 'కమిటీ ఆమోదించాలి' అని ఉండి, హాజరైనవాళ్లలో మెజారిటీ చాలని ఇంకోచోట రాసుకుని ఉంటే, నాలుగు ఓట్లతో పని అయిపోయింది. అదే 'కమిటీ సభ్యుల్లో మెజారిటీ ఆమోదించాలి' అని ఉంటే పదకొండులో ఆరుగురు కావాలి, ఈ నలుగురూ చాలరు. 'కమిటీ సభ్యులు ఆమోదించాలి' అని మాత్రమే ఉంటే, వద్దన్న ఇద్దరిలో ఒకడు 'పదకొండు మందీ సంతకం పెట్టాలి' అంటాడు, ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఒకటి రెండు మాటల తేడాకు నాలుగు, ఆరు, పదకొండు. ఏ పనికి ఏ లెక్క కావాలో మీరే తేల్చుకుని రాయండి. నేనైతే రోజువారీ పనులకు మొదటిది, కార్పస్ ఫండ్ జోలికి వెళ్లేదానికి రెండోది రాయిస్తాను. మూడోది ఎక్కడా రానివ్వను.

ఇంగ్లీషు కాపీలోనూ ఇదే బాధ. కమిటీ పక్కన ఒకచోట 'ఈజ్', ఒకచోట 'ఆర్' పడుతుంటాయి. బ్రిటిష్ వాళ్ల ఇంగ్లీషులో రెండూ చెల్లుతాయి, అమెరికన్లు దాదాపు ఎప్పుడూ 'ఈజ్' అంటారు. మనం ఎవరి పద్ధతి పట్టుకున్నామన్నది పెద్ద విషయం కాదు. బాడీ మొత్తంగా చేసే పనికి ఏకవచనం, మనుషులు విడివిడిగా చేసే పనికి 'కమిటీ సభ్యులు' అని విడిగా రాస్తే సరిపోతుంది. రాజీనామా చేసేది సభ్యుడు, తీర్మానం చేసేది కమిటీ. 'కమిటీ చెక్కు మీద సంతకం చేస్తుంది' అని కూడా చూశాను ఒక కాపీలో. కమిటీకి చెయ్యి ఎక్కడిది? ప్రెసిడెంటా, సెక్రటరీయా, ట్రెజరరా, వాళ్లలో ఏ ఇద్దరు అన్నది రాయాలి.

బ్లాకుల కౌన్సిల్

ప్రతి బ్లాకు నుంచి ఒకరో ఇద్దరో వచ్చి తమ వాళ్ల గోడు చెప్పాలని మీ ఉద్దేశం కదా. అది కౌన్సిల్ లక్షణమే. జీఎస్టీ కౌన్సిల్‌లో ఒక్కో రాష్ట్రం తరఫున మంత్రి కూర్చున్నట్టు, వచ్చినవాడు తన సొంత తెలివితో కాక ఒక చోటి తరఫున మాట్లాడతాడు. మన జీహెచ్ఎంసీనే చూడండి. డివిజన్ల నుంచి గెలిచిన కార్పొరేటర్లంతా కూర్చుంటే జనం కౌన్సిల్ అంటారు. వాళ్లలోంచి కొందరిని ఎన్నుకుని కొన్ని పనులు అప్పగిస్తే స్టాండింగ్ కమిటీ. ప్రాతినిధ్యం అన్నప్పుడు ఒక మాట, అప్పగింత అన్నప్పుడు ఇంకో మాట.

మీ దగ్గర జాగ్రత్త పడాల్సింది ఏంటంటే, కౌన్సిల్ అనగానే వినడానికి కమిటీ కంటే పెద్దగా ఉంటుంది. ఐదు బ్లాకుల నుంచి పదిమంది వచ్చి కూర్చుని రెండో మీటింగుకల్లా 'మేం ఆమోదించనిదే మెయింటెనెన్స్ పెంచకూడదు' అంటారు. నేను రెండు చోట్ల చూశాను ఇది. పేరును బట్టి అధికారం రాదు, నిబంధనను బట్టి వస్తుంది. కాబట్టి నిబంధనలో దాపరికం లేకుండా రాయండి:

'బ్లాక్ ప్రతినిధుల కౌన్సిల్ తన అభిప్రాయాన్ని కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. కమిటీ ఆ అభిప్రాయాన్ని తన తర్వాతి సమావేశంలో చర్చించి, అంగీకరించకపోతే కారణాన్ని మినిట్స్‌లో రాయాలి. కౌన్సిల్ అభిప్రాయానికి కమిటీ కట్టుబడి ఉండనక్కరలేదు.'

చివరి వాక్యం మొహమాటానికి తీసేయొద్దు. 'సలహా మేరకు', 'సంప్రదించి' లాంటి మాటలతో సరిపెడితే ఆ సలహా వినాలా అక్కర్లేదా అన్నది మళ్లీ గొడవే అవుతుంది.

ఇంగ్లీషు కాపీ టైపు చేసేటప్పుడు కౌన్సిల్ స్పెల్లింగు కూడా చూసుకోండి. సలహా, వకీలు అనే అర్థాలున్న కౌన్సెల్ వేరే మాట, కాలేజీ సీట్ల కౌన్సెలింగ్‌లో ఉన్నది అదే. తెలుగులో రాస్తే ఒక్క గుణింతం తేడా. ఒక క్లబ్బు వాళ్ల బైలాస్‌లో 'లీగల్ కౌన్సెల్ నియామకం' అని ఉండాల్సినచోట ఆ స్పెల్లింగు తప్పు పడి, లాయరును పెట్టుకోవడానికి బదులు లీగల్ కౌన్సిల్ అనే కొత్త బాడీ పుట్టుకొచ్చింది. దానికి సభ్యులెవరని ఒకాయన అడిగేదాకా ఎవరూ చూడలేదు.

ప్యానెల్‌తో మన ఊరి చిక్కు

గొడవలు తీర్చేవాళ్లకు ప్యానెల్ అన్నాను. కానీ హైదరాబాద్‌లో మామూలు మనిషికి ప్యానెల్ అంటే ఎన్నికల ప్యానెల్. అసోసియేషన్ ఎన్నికలనగానే ఫలానా ఆయన ప్యానెల్, ఇంకొకాయన ప్యానెల్, ఏ ప్యానెల్ గెలిచింది అన్నదే మాట. ఒక కాలనీ బైలాస్‌లో 'సభ్యుల మధ్య వివాదాల్లో ప్యానెల్ నిర్ణయమే తుది నిర్ణయం' అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. రాసినాయన ఉద్దేశం పెద్దమనుషుల ప్యానెల్. ఎన్నికల తర్వాత గెలిచిన వర్గం 'మా ప్యానెల్ నిర్ణయమే ఫైనల్ అని బైలాసే చెప్తోంది' అంది. నవ్వుకోకండి, వాళ్లు నిజంగానే అన్నారు. పార్కింగ్ స్లాట్ల గొడవ ఒకటి దాని మీద ఆరు నెలలు నడిచింది.

అందుకని ఒట్టి ప్యానెల్ అని ఎక్కడా రాయొద్దు. 'వివాద పరిష్కార ప్యానెల్' అని పూర్తి పేరు ప్రతిచోటా రాసి, నిర్వచనం ఇలా పెట్టండి:

'వివాద పరిష్కార ప్యానెల్ అంటే సర్వసభ్య సమావేశం రెండేళ్లకు ఒకసారి ఆమోదించే తొమ్మిది మంది పేర్ల జాబితా. కమిటీలో ఉన్నవారు ఈ జాబితాలో ఉండరాదు. ఒక్కొక్క వివాదాన్ని వినడానికి ఈ జాబితా నుంచి ముగ్గురిని ఎంచుకోవాలి: ఇరుపక్షాలు చెరొకరిని, ఆ ఇద్దరూ కలిసి మూడో వ్యక్తిని. వివాదంలో ఉన్న ఫ్లాటు ఏ బ్లాకులో ఉందో ఆ బ్లాకువారు ఉండరాదు.'

ఇప్పుడు ప్యానెల్ తన అసలు అర్థంలో, అంటే జాబితాగా నిలబడింది. తొమ్మిదిమందీ ప్రతి గొడవకూ రానక్కర్లేదు. ముగ్గురైతే ఓట్లు చెరిసగం అవ్వవు. అదే మీరు ఐదుగురిని పెట్టి, ప్రతి గొడవా ఆ ఐదుగురే వినాలనుకుంటే దాన్ని ప్యానెల్ అనొద్దు, 'వివాద పరిష్కార కమిటీ' అనండి. కూర్చునే మనుషులు మారుతుంటే ప్యానెల్, వాళ్లే ఉంటే కమిటీ. నేను పెట్టుకున్న కొలమానం ఇంతే, ఇంటర్వ్యూ ప్యానెళ్ల దగ్గర్నుంచి అన్నిటికీ ఇదే వాడతాను.

ఇంకొకటి. 'ఈ ప్యానెల్ నిర్ణయంపై ఎవరూ కోర్టుకు వెళ్లరాదు' అని మాత్రం రాయకండి. సొసైటీ చట్టం 23వ సెక్షన్ సభ్యుడికి రెండు దారులు ఇస్తుంది: మధ్యవర్తి తీర్పుకు వీలిచ్చే ఆర్బిట్రేషన్ చట్టం కింద వెళ్లడం, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు చేసుకోవడం. మీ బైలాస్ ఆ తలుపు మూయలేదు. మీ పెద్దల మాట నిజంగా ఆర్బిట్రేషన్ తీర్పులా నిలవాలంటే ఆ నిబంధన రాసే పద్ధతే వేరు, దానికి వకీలు గారి దగ్గర కూర్చోండి. లేదంటే 'ముందు ఈ ప్యానెల్ దగ్గరకు రావాలి, 30 రోజుల్లో తేలకపోతే సభ్యుడు చట్టం ఇచ్చిన దారి చూసుకోవచ్చు' అని రాయడం చాలు. కాలనీ గొడవలు నూటికి తొంభై అక్కడే చల్లారిపోతాయని నా అనుభవం.

తెలుగు కాపీ కూడా ఉంటే

చాలా అసోసియేషన్లు ఇప్పుడు తెలుగు కాపీ కూడా అడుగుతున్నాయి, మంచిదే. కానీ ఇంగ్లీషులో నాలుగు మాటలుంటే తెలుగులో అవి రెండుగా కుదించుకుపోతాయి. కాలుష్య నియంత్రణ మండలి బోర్డు. ఉన్నత విద్యా మండలి కౌన్సిల్. రెండూ మండలే. శాసన మండలీ, మంత్రి మండలీ సరేసరి. అలాగే స్థాయీ సంఘం అంటే స్టాండింగ్ కమిటీ, ఎన్నికల సంఘం అంటే కమిషన్, మీ కాలనీ సంక్షేమ సంఘం అంటే అసోసియేషన్ మొత్తం. (పాతబస్తీ మసీదుల వాళ్లు తెలివైనవాళ్లు, ఉర్దూలో కూడా ఇంతెజామీ కమిటీ అనే రాసుకుంటారు.)

కమిటీని సంఘం అని అనువదిస్తే మీ పని అయిపోయినట్టే. 'సంఘం ఆమోదంతో' అన్నప్పుడు 180 ఇళ్లవాళ్లా, 11 మందా? ఒక సొసైటీ తెలుగు కాపీలో ఇదే పదం రెండర్థాల్లోనూ ఉంది. వాచ్‌మన్ జీతం పెంచడానికి కూడా సర్వసభ్య సమావేశం పెట్టాలని ఒక సభ్యుడు పట్టుబట్టాడు. కాగితం ప్రకారం ఆయన మాటా నిజమే.

మేనేజింగ్ కమిటీకి తెలుగులో మనవాళ్లు ఎప్పటినుంచో వాడుతున్న చక్కని మాట ఉంది, కార్యవర్గం. 'నూతన కార్యవర్గం ఎన్నిక' అని పేపర్లో రోజూ చూస్తాం. ఎవరికీ అనుమానం రాదు. అసోసియేషన్ మొత్తానికి 'సంఘం', అందరూ కూర్చుంటే 'సర్వసభ్య సమావేశం', నడిపేవాళ్లు 'కార్యవర్గం', ఏదైనా ఒక పనికి కార్యవర్గం వేసుకునేది 'ఉపసంఘం'. కౌన్సిల్‌నూ ప్యానెల్‌నూ అలాగే తెలుగు లిపిలో ఉంచేయండి. మండలి అనకండి. నేను ఇక్కడ రాసిచ్చిన నిబంధనల్లో ఒట్టి కమిటీ అని ఉన్నచోట తెలుగు కాపీలో కార్యవర్గం అని రాసుకోండి. రెండు కాపీల్లో తేడా వస్తే ఏది చెల్లుతుందో ఒక వాక్యం తప్పకుండా రాయండి. రిజిస్ట్రార్ ఆఫీసులో ఏది దాఖలు చేశారో దాన్నే చెల్లేదిగా పెట్టుకోవడం నయం.

పేరు మీ చేతిలో లేనిది

లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం 2013 చట్టం చెప్పిన బాడీకి చట్టంలో ఉన్న పేరు ఇంటర్నల్ కమిటీ. మీ దగ్గర సెక్యూరిటీ, హౌస్ కీపింగ్, ఆఫీసు అన్నీ కలిపి పదిమంది పనిచేస్తుంటే ఇది మీకూ వర్తిస్తుంది, ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లనూ లెక్కలోకి తీసుకోండి. దాన్ని మహిళా సెల్ అనో, ఎథిక్స్ బోర్డు అనో పిలవొద్దు. మీ కార్యవర్గం వేసే ఉపసంఘాల జాబితాలోనూ చేర్చొద్దు. అధ్యక్షత మహిళదే, కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒకరు, ఈ లెక్కలన్నీ చట్టమే చెప్పింది. విచారణకు మనుషులను పిలిపించే అధికారం కూడా దానికి చట్టం నుంచే వచ్చింది, మీ ప్రెసిడెంటు ఇచ్చింది కాదు.

ఇక 'అడ్వైజరీ బోర్డు' మోజు కొందరికి ఉంటుంది. రిటైర్డ్ ఆఫీసర్లను నలుగురిని గౌరవంగా కూర్చోబెట్టాలని పెడతారు. బోర్డు అన్న ఒక్క మాటతో వాళ్లలో ఒకరు విజిటింగ్ కార్డు మీద బోర్డు మెంబర్ అని వేయించుకుంటారు, కాంట్రాక్టరు ఆయన చెప్పిందే అసోసియేషన్ మాట అనుకుంటాడు. గౌరవ సలహాదారులు అంటే చాలదా?

మీ పాత కాపీని సరిచేసే పద్ధతి

వర్డ్ ఫైలు ఉంటే Ctrl+F కొట్టి కమిటీ, బోర్డు, కౌన్సిల్, ప్యానెల్, బాడీ, టీమ్, సెల్, ఈసీ, ఎంసీ ఒక్కొక్కటే వెతకండి. ఎగ్జిక్యూటివ్ కమిటీకి ఈసీ, మేనేజింగ్ కమిటీకి ఎంసీ లాంటి పొట్టి పేర్లే ఎక్కువగా దాక్కుంటాయి. ప్రతి మాట ఏ నిబంధనలో వచ్చిందో, అక్కడ అసలు ఉద్దేశించింది ఏ బాడీనో కాగితం మీద రాసుకోండి. 180 ఫ్లాట్ల బైలాస్‌కు ఇది ఒక పూట పని. ఏ బాడీ అన్నది తేలని చోట్లు రెండో మూడో మిగులుతాయి. వాటిని మీరు ఊహించి మార్చేయకండి, సర్వసభ్య సమావేశం ముందు పెట్టండి. డబ్బు, ఎన్నిక, సభ్యత్వం రద్దు, ఈ మూడింటికి సంబంధించిన నిబంధనల్లో అయితే మరీనూ.

ఆ తర్వాత మిగిలిన ఒక్కో బాడీకి నాలుగు సంగతులు ఉన్నాయా చూడండి: ఎవరు వేస్తారు, ఎంతకాలం ఉంటుంది, తానే నిర్ణయిస్తుందా సిఫారసు చేస్తుందా, ఎవరికి జవాబు చెప్తుంది. వీటిలో ఏదైనా రాయలేకపోతున్నారంటే ఆ బాడీ మీకు అక్కర్లేదేమో. నేను రాసిచ్చిన ఒక బైలాస్‌లో మొదట ఏడు బాడీలు అడిగారు, ఈ నాలుగూ రాయమనేసరికి మూడు మిగిలాయి.

చివరగా, పాత తీర్మానాలు, ఎఫ్‌డీ కాగితాలు, లిఫ్టు ఏఎంసీ ఒప్పందాలు పాత పేర్లతోనే ఉంటాయి కదా. వాటి కోసం కొత్త బైలాస్ చివర ఈ ముక్క చేర్చండి, బ్యాంకుల దగ్గర ఇది బాగా పనికొస్తుంది:

'ఈ సవరణ అమల్లోకి రాకముందు సంఘం చేసిన తీర్మానాల్లో, ఒప్పందాల్లో, ఖాతా పత్రాల్లో బోర్డు, ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, మేనేజింగ్ కమిటీ అని ఉన్నచోట్ల అది కమిటీయేనని చదువుకోవాలి.'

బోర్డు అని చెక్కిన పాత రబ్బరు స్టాంపు ఏదైనా ఆఫీసు డ్రాయరులో ఉంటే, తీర్మానం అయిన రోజే దాన్ని తీసి పారేయించండి. మణికొండ వాళ్లు అది మర్చిపోయారు. బైలాస్ మార్చిన మూడు నెలల తర్వాత ఒక ఉత్తరం మీద మళ్లీ ఆ స్టాంపే పడింది, బ్యాంకు నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది.